వీడ్కోలు పిలుపు వేరు, చందా చీటీ వేరు

పదవీ విరమణ చేస్తున్న ఉద్యోగికి సాటి ఉద్యోగులు ఏర్పాటు చేసే వీడ్కోలు సభకు రాసే ఆహ్వానం చాలా చిన్న కాగితం. సభ ఎవరికి, ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ అన్న నాలుగు సంగతులు అందులో ఉంటాయి. ఇటీవల వీటికి అయిదోది కూడా తోడవుతోంది. అదే ఖర్చులకు చందా సంగతి. మొదటి నాలుగింటిలో తప్పు దొర్లితే కొందరు సభకు ఆలస్యంగా వస్తారు, కొందరు అసలు రాలేరు. అయిదోదాన్ని తప్పుగా రాస్తే మాత్రం ఇష్టంతో ఇవ్వాల్సిన డబ్బు కప్పంలా మారుతుంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో అయితే అది నియమాల ఉల్లంఘన కూడా అవుతుంది.

ఆహ్వానం రాయడానికి కూర్చునే ముందు అది ఏ రకం వేడుకో తేల్చుకోవాలి. తెలుగు ప్రాంతాల కార్యాలయాల్లో ఒక్కో విరమణకు తరచు రెండు వేడుకలు జరుగుతాయి. మొదటిది సహోద్యోగులు జరిపే వీడ్కోలు సభ. ఇది ఎక్కువగా కార్యాలయంలోనే జరుగుతుంది. దంపతులను కూర్చోబెట్టి దండలు వేస్తారు, శాలువా కప్పుతారు, బట్టలు పెడతారు, నలుగురు మాట్లాడతారు, చివరికి ఇంటిదాకా వెళ్లి దిగబెట్టి వస్తారు. రెండోది విరమణ చేసినవారు బంధుమిత్రులకు ఫంక్షన్ హాల్లో ఇచ్చే విందు. దాని ఆహ్వానపత్రిక వారింటి పేరుతో వస్తుంది, ఖర్చూ వారిదే. ఒకే వారంలో ఈ రెండూ జరిగినప్పుడు పిలుపులు కలగాపులగమవుతాయి. ఇంటివారి విందుకు కార్యాలయంలో చందాలు వసూలు చేస్తున్నారన్న అపోహ కూడా పుడుతుంది. అందుకే సహోద్యోగుల ఆహ్వానంలో, ఇది సాటి ఉద్యోగులు జరుపుతున్న సభ అని మొదటి వాక్యంలోనే తెలియాలి.

తేదీ

ప్రభుత్వోద్యోగి పుట్టినరోజునే విరమణ చేయరు. ఫండమెంటల్ రూల్స్ 56వ నియమం ప్రకారం, విరమణ వయసు నిండిన నెల ఆఖరి రోజు మధ్యాహ్నానంతరం సర్వీసు ముగుస్తుంది. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల ఆఖరి రోజునే విరమణ చేస్తారు. కేంద్ర ప్రభుత్వంలో సాధారణ విరమణ వయసు 60 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో 2022 నుంచి 62, తెలంగాణలో 2021 నుంచి 61. అందువల్ల వీడ్కోలు సభలన్నీ నెలాఖరులోనే గుంపుగా వచ్చిపడతాయి. ఒకే ఊళ్లో ఒకే సాయంత్రం రెండు మూడు కార్యాలయాల్లో సభలు ఉండటం మామూలే. పాత సహోద్యోగులకు వాటిలో ఒకటికన్నా ఎక్కువ పిలుపులు రావచ్చు. ఆహ్వానం త్వరగా పంపడానికి ఇదే ముఖ్య కారణం.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చూస్తే విషయం స్పష్టమవుతుంది. విజయవాడలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఉందనుకుందాం. అక్కడ వారానికి అయిదు రోజుల పని. గ్రూప్ బి హోదాలో ఉన్న ఒక సూపరింటెండెంట్ 1966 ఫిబ్రవరి 12న పుట్టారు. ఆయనకు 2026 ఫిబ్రవరి 12కి అరవై నిండుతాయి, విరమణ ఫిబ్రవరి 28న. 1966 మార్చి 1న పుట్టినవారు ఉన్నా వారికీ అదే తేదీ వర్తిస్తుంది. అయితే 2026 ఫిబ్రవరి 28 శనివారం, కార్యాలయానికి సెలవు. సెలవైనంత మాత్రాన విరమణ తేదీ మారదు. మారేది సభ తేదీ. ఆఖరి పనిదినమైన 27, శుక్రవారమే సభకు అనువైన రోజు.

ఇలాంటప్పుడు ఆహ్వానంలో రెండు తేదీలు రాయాల్సి వస్తుంది. గందరగోళం పుట్టేది ఇక్కడే. ‘ఫిబ్రవరి 28న పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా వీడ్కోలు సభ’ అని రాసి, సభ తేదీని ఎక్కడో కింద చిన్నగా వేస్తే, సగం మంది 28 అనే గుర్తుపెట్టుకుంటారు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవారు శనివారం ఉదయం రైలు దిగి తాళం వేసిన గేటు చూస్తారు. విరమణ తేదీ ఒక వాక్యంలో, సభ తేదీ దానికి కారణంతో సహా మరో వాక్యంలో ఉండాలి. సభ తేదీ పక్కన వారం పేరు తప్పకుండా వేయాలి. అంకెలో పొరపాటు దొర్లినా వారం పేరు దాన్ని పట్టిస్తుంది. ‘ఫిబ్రవరి 28, శుక్రవారం’ అని ఉంటే చదివినవారు వెంటనే ఫోన్ చేసి అడుగుతారు. ఒట్టి ‘28’ అని ఉంటే అడగాలన్న ఆలోచన కూడా రాదు.

వేళ

సభ వేళను నిర్ణయించేటప్పుడు రెండు సంగతులు చూడాలి. ఒకటి కార్యాలయం పని, రెండోది వచ్చేవారి వీలు. కేంద్ర కార్యాలయాల్లో పని చాలావరకు సాయంత్రం ఆరింటిదాకా ఉంటుంది. సభ సాయంత్రం 4.30కి మొదలైతే ఆ గంటన్నరకు కార్యాలయ అధిపతి అనుమతి ముందే తీసుకోవాలి. విరమణ చేసేవారికి ఆ రోజు వేరే పనులూ ఉంటాయి. ఛార్జి అప్పగించడం, గుర్తింపు కార్డు, ఫైళ్లు, తాళాలు ఇచ్చేయడం, చివరి సంతకాలు వగైరాలన్నీ మధ్యాహ్నం మూడింటికల్లా పూర్తయ్యేలా చూడకపోతే, సభ మొదలయ్యే వేళకు సన్మానం అందుకోవాల్సిన మనిషి ఏదో ఒక సెక్షన్‌లో సంతకం కోసం నిలబడి ఉంటారు.

ఈ ఉదాహరణలోని శుక్రవారానికి మరో ప్రత్యేకత ఉంది. 2026 ఫిబ్రవరి 27 రంజాన్ మాసంలో వస్తుంది. ఉపవాసం ఉన్న సహోద్యోగులు సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ రోజుల్లో విజయవాడలో సూర్యాస్తమయం సుమారు 6.15కి. అదే రోజు ఫాల్గుణ శుద్ధ ఏకాదశి. కొందరు హిందూ సహోద్యోగులు కూడా ఆ రోజు ఉపవాసం ఉంటారు, లేదా పండ్లతో సరిపెట్టుకుంటారు. సభ మధ్యలో అయిదింటికి టిఫిన్ ప్లేట్లు పంచితే కొందరు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది. సభ 4.30 నుంచి 6 దాకా జరిపి, అల్పాహారం 6.20కి పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఇఫ్తార్‌కు ఖర్జూరాలు, మంచినీళ్లు, ఏకాదశి పాటించేవారికి పండ్లు విడిగా ఉంచితే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం, సెలవుల జాబితా రెండూ ఒకసారి చూస్తే ఇలాంటివన్నీ ముందే బయటపడతాయి.

ఆహ్వానంలో మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా రాయాలి. వీడ్కోలు సభల్లో ఉపన్యాసాలు సాగుతూ పోతాయి. ముగింపు ముందే తెలిస్తే ఇంటికి వెళ్లాల్సినవారు, రైలు అందుకోవాల్సినవారు తమ ఏర్పాట్లు తాము చేసుకుంటారు. మాట్లాడదలచినవారు ముందుగా పేర్లు ఇవ్వాలని ఆహ్వానంలోనే కోరితే నిర్వాహకులకు లెక్క తెలుస్తుంది. గంటన్నర సభలో స్వాగతం, సన్మానం, విరమణ చేసేవారి స్పందన పోగా మిగిలేది యాభై నిమిషాలు. మనిషికి అయిదేసి నిమిషాలు అనుకుంటే పదిమందికి మించి మాట్లాడలేరు.

చోటు

రోజూ ఆ కార్యాలయానికి వచ్చేవారికి ‘సమావేశ మందిరం’ అన్న రెండు మాటలు చాలు. కానీ వీడ్కోలు సభకు బయటివారూ వస్తారు. బదిలీపై వెళ్లినవారు, అంతకు ముందే విరమణ చేసిన పెద్దలు, విరమణ చేసేవారి ఇంటివారు వారిలో ఉంటారు. వారికోసం భవనం పేరు, అంతస్తు, ఏ గేటు నుంచి రావాలి, బండి ఎక్కడ పెట్టాలి అన్నవి రాయాలి. పై అంతస్తులో సభ పెడితే లిఫ్ట్ ఉందో లేదో ఒక మాటలో చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఆ ఒక్క మాటను బట్టే వచ్చేదీ మానేదీ నిర్ణయించుకుంటారు. లిఫ్ట్ లేకపోతే కింది అంతస్తులో చోటు వెతకడమే మంచిది. గేటు దగ్గర సెక్యూరిటీ తనిఖీ ఉండే కార్యాలయాల్లో బయటివారి పేర్ల జాబితాను ముందురోజే అక్కడ ఇవ్వాలి.

ఇంటివారిని పిలిచే విషయంలో ముందుగా విరమణ చేసేవారినే అడగాలి. దంపతులను పక్కపక్కన కూర్చోబెట్టి సన్మానించడం మన ఆనవాయితీ. కానీ జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు, ఒంటరిగా ఉన్నవారు, ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవారు కూడా విరమణ చేస్తారు. ‘దంపతులకు సన్మానం’ అని ఆహ్వానంలో అలవాటుగా అచ్చు వేస్తే అది వారిని నొప్పించవచ్చు. వారి ఇష్టం తెలుసుకుని ‘కుటుంబ సభ్యులు కూడా వస్తున్నారు’ అని రాస్తే సరిపోతుంది.

నియమం ఏం చెబుతోంది

ఇక చందా సంగతి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 14వ నియమం సన్మానాలకు సంబంధించినది. ముందస్తు అనుమతి లేకుండా ఏ ఉద్యోగీ సన్మానపత్రాలు అందుకోకూడదని, తన గౌరవార్థం జరిగే సభలో పాల్గొనకూడదని ఆ నియమం మొదట చెబుతుంది. తర్వాత ఒక మినహాయింపు ఇస్తుంది. పదవీ విరమణ లేదా బదిలీ సందర్భంలో, ప్రధానంగా ఆంతరంగికంగా, ఆడంబరం లేకుండా జరుపుకునే వీడ్కోలుకు ఈ నిషేధం వర్తించదు. మన కార్యాలయాల్లో జరిగే వీడ్కోలు సభలన్నీ ఈ మినహాయింపు నీడలోనే జరుగుతున్నాయి.

ఆ నియమం కిందే ఉన్న ఒక గమనిక చాలామంది దృష్టికి రాదు. అందులో రెండు నిషేధాలు ఉన్నాయి. వీడ్కోలు ఎంత ఆంతరంగికమైనదైనా సరే, దానికి చందా ఇవ్వమని ఏ ఉద్యోగిపైనా ఏ రకమైన ఒత్తిడీ, పలుకుబడీ ప్రయోగించకూడదన్నది మొదటిది. మూడో తరగతి, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, ఆ తరగతులకు చెందని ఉద్యోగి వీడ్కోలు కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ చందా వసూలు చేయకూడదన్నది రెండోది. ఆ పాత తరగతులే తర్వాత గ్రూప్ సి, గ్రూప్ డి అయ్యాయి. ఆరో వేతన సంఘం తర్వాత గ్రూప్ డి పోస్టులు గ్రూప్ సిలో కలిశాయి. ఈనాటి మాటల్లో చెప్పాలంటే, గ్రూప్ ఎ లేదా గ్రూప్ బి అధికారి విరమణకు గుమాస్తా నుంచి గానీ, డ్రైవర్ నుంచి గానీ, మల్టీ టాస్కింగ్ సిబ్బంది నుంచి గానీ రూపాయి వసూలు చేయకూడదు.

ఈ నిషేధం వెనుక కారణం స్పష్టమే. కింది ఉద్యోగి సెలవు, పని విభజన, వార్షిక నివేదిక పై అధికారుల చేతుల్లో ఉంటాయి. విరమణ చేసేవారు రేపు ఉండరు, కానీ చందా అడిగే అధికారి ఉంటారు. ‘ఇష్టమైతేనే ఇవ్వండి’ అని ఆయన ఎంత మంచి మనసుతో అన్నా, వినేవారికి వద్దని చెప్పే స్వేచ్ఛ ఉండదు. అందుకే ఇక్కడ నియమం ఇష్టాయిష్టాల ప్రస్తావనే తేకుండా వసూలునే ఆపేసింది. ఎవరైనా గ్రూప్ సి ఉద్యోగి ప్రేమతో తనంతట తాను డబ్బు తెచ్చినా మర్యాదగా వద్దని చెప్పాలి. దానికి బదులు సభలో నాలుగు మాటలు మాట్లాడమని అడగవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు వేరే నియమావళి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో వచ్చిన 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 6వ నియమం కానుకలు, సన్మానాల గురించి, 7వ నియమం చందాల గురించి చెబుతాయి. రాష్ట్ర కార్యాలయాల్లో సభ నిర్వహించేవారు ముందుగా ఆ రెండింటినీ చదువుకోవాలి. ప్రైవేటు సంస్థల్లో ఇలాంటి చట్టబద్ధమైన నియమం లేదు. కానీ మేనేజర్ అడిగితే కింది ఉద్యోగి కాదనలేకపోవడం అక్కడా ఉన్నదే. కేంద్ర నియమంలోని సూత్రం అక్కడా అంతే చక్కగా పనికొస్తుంది.

డబ్బు విషయంలో మరో హద్దు కూడా ఉంది. కార్యాలయంతో పనులున్న కాంట్రాక్టర్లు, సరఫరాదారులు, వ్యాపార సంస్థల నుంచి భారీ ఆతిథ్యం తీసుకోకూడదని కేంద్ర నియమావళి 13వ నియమం హెచ్చరిస్తుంది. హాలు ఒకరు, భోజనాలు ఒకరు ‘మేం చూసుకుంటాం’ అని ముందుకు వచ్చారంటే, విరమణ చేసేవారి ఆఖరి రోజుకు మచ్చ తెచ్చే అవకాశం ఉన్నట్టే. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే సెక్యూరిటీ, పారిశుద్ధ్య సిబ్బందిని సభకు తప్పక పిలవాలి, వారి దగ్గర చందా మాట ఎత్తకూడదు.

రెండు కాగితాలు

నియమం ఇలా ఉన్నప్పుడు ఆహ్వానంలోనే చందా వివరాలు కలిపి రాయడం కుదరదు. ఆహ్వానం అందరికీ వెళ్లాలి, చందా చీటీ కొందరికే వెళ్లాలి. రెండూ ఒకే కాగితం మీద ఉంటే, ఎవరిని అడగకూడదో వారినీ అడిగినట్టవుతుంది. డబ్బు ఇవ్వలేనివారు సభకే రాకుండా ఉండిపోతారు. రావడానికి రుసుము ఉందన్న భావన ఒకసారి కలిగాక, ‘ఐచ్ఛికం’ అన్న మాట దాన్ని పోగొట్టలేదు.

ఉదాహరణలోని కార్యాలయంలో మొత్తం 26 మంది. విరమణ చేసేవారు పోగా గ్రూప్ ఎ, బి అధికారులు పదిమంది, గ్రూప్ సి ఉద్యోగులు పదిహేను మంది. ఈ పాతికమందికీ, పన్నెండుమంది పాత సహోద్యోగులకూ ఫిబ్రవరి 9, సోమవారం నాడు వెళ్లే ఆహ్వానం ఇలా ఉండవచ్చు:

‘మిత్రులారా, మన సూపరింటెండెంట్ శ్రీ …… గారు 2026 ఫిబ్రవరి 28న పదవీ విరమణ చేస్తున్నారు. ఆ రోజు శనివారం సెలవు కావడంతో, సహోద్యోగులం కలిసి వీడ్కోలు సభను ముందురోజు జరుపుతున్నాం.

ఎప్పుడు: 2026 ఫిబ్రవరి 27, శుక్రవారం సాయంత్రం 4.30 నుంచి 6 వరకు. 6.20కి అల్పాహారం. ఇఫ్తార్‌కు, ఏకాదశి పాటించేవారికి ఏర్పాటు ఉంది.

ఎక్కడ: మన కార్యాలయం, రెండో అంతస్తు, సమావేశ మందిరం. లిఫ్ట్ ఉంది. బండ్లు వెనుక గేటు లోపల పెట్టవచ్చు.

వారి కుటుంబ సభ్యులు కూడా వస్తున్నారు. మీరు వచ్చేదీ లేనిదీ, సభలో మాట్లాడదలచుకుంటే ఆ సంగతీ ఫిబ్రవరి 24, మంగళవారం లోగా శ్రీమతి …… గారికి (ఫోన్ ……) చెప్పండి. మీ అందరి రాక కోసం ఎదురుచూస్తుంటాం. — సహోద్యోగులు’

ఇందులో డబ్బు ప్రస్తావన ఎక్కడా లేదు. పదిమంది అధికారులకు విడిగా వెళ్లే చీటీలో మాత్రం అది ఉంటుంది:

‘శ్రీ …… గారి వీడ్కోలు సభకు అల్పాహారం, శాలువా, దండలు, జ్ఞాపిక అన్నీ కలిపి సుమారు 10,500 రూపాయలు అవుతాయని అంచనా. పాలుపంచుకోదలచినవారు తమకు తోచినంత ఇవ్వవచ్చు. ఇది పూర్తిగా మీ ఇష్టం. నగదైతే కవరులో పెట్టి శ్రీ …… గారికి, యూపీఐ అయితే …… నంబరుకు ఫిబ్రవరి 20 లోగా పంపండి. ఎవరు ఎంత ఇచ్చారన్నది ఎవరికీ చెప్పం. మొత్తం జమాఖర్చు మార్చి 6న తెలియజేస్తాం. గ్రూప్ సి సిబ్బంది నుంచి చందా తీసుకోవడం లేదు, దయచేసి వారిని అడగవద్దు.’

చీటీని కార్యాలయం లెటర్‌హెడ్ మీద రాయకూడదు, దాని కింద కార్యాలయ అధిపతి సంతకం ఉండకూడదు. సర్క్యులర్ రూపంలో వచ్చిన ఏ మాటనైనా ఉద్యోగి ఆదేశంగానే చదువుతారు. డబ్బు తీసుకునే వ్యక్తి కూడా ఎవరి పైనా అధికారం లేని, సమాన హోదా ఉన్న సహోద్యోగి కావాలి. డబ్బు ఒక్కరి దగ్గరికే చేరాలి. ముగ్గురు వసూలు చేస్తే లెక్క కుదరదు, ఒకరిని ఇద్దరు అడిగే ఇబ్బందీ వస్తుంది.

అంచనా, లెక్క

మనిషికి ఇంత అని నిర్ణయించడం చాలా కార్యాలయాల్లో అలవాటు. అది సులువుగా కనిపిస్తుంది, కానీ ఐచ్ఛికమన్న మాటను అదే దెబ్బతీస్తుంది. తలా 1,000 అని రాస్తే 300 ఇవ్వగలవారు సిగ్గుపడి అప్పు చేసైనా వెయ్యి ఇస్తారు, లేదా తప్పించుకు తిరుగుతారు. అసలు అంకే చెప్పకపోతే ఎంత ఇవ్వాలో తెలియక మళ్లీ ఒకరినొకరు అడుగుతారు. మొత్తం అంచనా చెప్పి, వాటా మాట ఎత్తకపోవడం ఈ రెంటికీ మధ్య మార్గం.

పై అంచనా ఇలా వచ్చింది. కార్యాలయంవారు పాతికమంది, పాత సహోద్యోగులు పన్నెండుమంది, విరమణ చేసేవారు, వారి ఇంటివారు కలిపి ఏడుగురు అనుకుంటే 44 మంది. 45 టిఫిన్లకు ఒక్కోటి వంద రూపాయల చొప్పున 4,500. శాలువా, దండలు, పండ్లు 1,500. బ్యానర్‌కు 500, చిల్లర ఖర్చులకు 500. ఇవన్నీ కలిపి 7,000. జ్ఞాపికకు 3,500. ఊరిని బట్టి, కార్యాలయాన్ని బట్టి ధరలు మారతాయి, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

ఇందులో కీలకం ఖర్చుల వరుస. జ్ఞాపిక ముందే కొనేసి తర్వాత డబ్బు కోసం తిరగడం వల్లే ఒత్తిడి పుడుతుంది. గడువు తేదీ ఫిబ్రవరి 20 దాటాక చేతిలో ఎంత ఉందో చూసుకుని, ముందు 7,000 పక్కన పెట్టి, మిగిలినదాంతో జ్ఞాపిక కొనాలి. పదిమందిలో ఎనిమిదిమంది కలిపి 9,200 ఇచ్చారనుకుంటే జ్ఞాపికకు 2,200 ఉంటాయి. దాంతో చక్కని చేతిగడియారమో, ఊళ్లో కళాకారులు చేసిన కొయ్యబొమ్మో కొనవచ్చు. ఒకవేళ 7,000 కూడా రాకపోతే రెండోసారి అడగకూడదు. టిఫిన్ బదులు టీ, బిస్కెట్లు, పండ్లు పెట్టుకోవాలి, బ్యానర్ మానేయాలి. ఏర్పాటును డబ్బుకు తగ్గట్టు కుదించాలే గానీ, ఏర్పాటుకు తగ్గట్టు డబ్బు రాబట్టకూడదు.

చందా ఒత్తిడిగా మారిందని ఎలా తెలుస్తుంది? దానికి గుర్తులు స్పష్టంగానే కనిపిస్తాయి. వాట్సాప్ గ్రూపులో ‘ఇచ్చినవారు’ అంటూ పేర్ల జాబితా పెరుగుతూ పోతే, అందులో లేనివారి జాబితా కూడా దానంతట అదే తయారైనట్టే. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టమంటే అది రసీదు కాదు, పోటీ. గడువు ముందురోజు విడివిడిగా ఫోన్లు వెళ్లడం, జీతం నుంచి మినహాయించుకుందామన్న ప్రతిపాదన రావడం, ఇవ్వనివారి పేర్లు భోజనాల వేళ చర్చకు రావడం మరికొన్ని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా నిర్వాహకులు ఆ పని అక్కడితో ఆపేయాలి. గుర్తుచేయాలంటే అందరికీ ఒకే సందేశం ఒకేసారి పంపాలి. సభ గురించిన గుర్తింపు సందేశం ఫిబ్రవరి 24న వెళ్లాలి, అందులో చందా మాట ఉండకూడదు.

సభ అయ్యాక వారంలోగా జమాఖర్చు ఇవ్వాలి. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, బిల్లులు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి చాలు. ఒక్కొక్కరు ఇచ్చిన మొత్తాలు అందులో ఉండకూడదు. ఈ లెక్క చందా ఇచ్చిన అధికారులకే పంపాలి. ఆరు నెలల తర్వాత మరొకరి విరమణ వచ్చినప్పుడు జనం నమ్మకంతో చేయి కలపడానికి ఈ చిన్న కాగితమే ఆధారం.

డ్రైవర్ విరమణ చేస్తే

అదే కార్యాలయంలో విరమణ చేసేవారు గ్రూప్ సి డ్రైవర్ అయితే పరిస్థితి కొంత మారుతుంది. నియమంలోని రెండో నిషేధం పై తరగతి ఉద్యోగి కోసం కింది తరగతి నుంచి చేసే వసూలుకే వర్తిస్తుంది. కాబట్టి డ్రైవర్ వీడ్కోలుకు తోటి గ్రూప్ సి ఉద్యోగులు కూడా ఇష్టమైతే ఇవ్వవచ్చు. మొదటి నిషేధం, అంటే ఒత్తిడి చేయకూడదన్నది, ఇక్కడా అలాగే ఉంటుంది. అప్పుడు కూడా ఆహ్వానం, చందా చీటీ వేర్వేరుగానే ఉండాలి. ఒకే కార్యాలయంలో ఒక విరమణకు ఒక పద్ధతి, మరో విరమణకు మరో పద్ధతి పాటిస్తే ఎవరికి ఏది వర్తిస్తుందో గుర్తుండదు. ఎప్పుడూ రెండు కాగితాలే పంపడం అలవాటైతే పొరపాటుకు తావుండదు.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అధికారి విరమణకు పది వేలు ఖర్చుపెట్టి, డ్రైవర్ విరమణకు ఒక దండ, టీతో సరిపెట్టే కార్యాలయాలు ఉన్నాయి. చందా పూర్తిగా ఇష్టానికి వదిలినప్పుడు ఈ తేడా ఇంకా పెరగవచ్చు. దాన్ని సరిచేయాలంటే అధికారులే ముందుకు రావాలి. పై హోదావారు కింది ఉద్యోగి వీడ్కోలుకు ఇవ్వడాన్ని ఆ గమనిక ఆపడం లేదు. ఆహ్వానంలో భాష, సభకు ఎంచుకున్న గది, సభకు కేటాయించిన సమయం అందరికీ ఒకేలా ఉండాలి.

వీడ్కోలు సభ బాధ్యత తీసుకున్న ప్రతి ఉద్యోగీ ఆహ్వానం పంపే ముందు రెండు పనులు చేయాలి. తేదీ పక్కన వారం పేరు సరిపోయిందో లేదో చూసుకోవాలి, ఆ కాగితంలో డబ్బు మాట లేకుండా చూసుకోవాలి. పిలుపు అందరికీ వెళ్లాలి. చందా, ఇవ్వగలిగినవారు ఇష్టపడి ఇచ్చినంత మేరకే రావాలి.